గుసగుస గొంతుకి విశ్రాంతి కాదు

ఏ బడి స్టాఫ్‌రూమ్‌లోనైనా కనిపించే దృశ్యమే ఇది. జలుబు చేసిన టీచరమ్మ నాలుగో పీరియడ్ అయ్యేసరికి బొంగురు గొంతుతో వచ్చి కూర్చుంటుంది. ‘గొంతుకి కాస్త రెస్టివ్వండి మేడమ్’ అంటారు తోటివాళ్లు. సరేనని తలూపి, సాయంత్రం దాకా గుసగుసగానే పాఠం చెబుతుంది. వెనక బెంచీకి వినపడదు కాబట్టి ఆ గుసగుసనే ఇంకాస్త బలంగా అంటుంది. మర్నాడు లేచేసరికి మిగిలిన ఆ కాస్త గొంతూ ఉండదు.

ఆవిడ చెప్పిన మాట వినలేదని కాదు. మాట బయటికి గట్టిగా రాకపోతే లోపల గొంతు ఊరికే ఉన్నట్టేనని అనుకుంది. మనలో చాలామంది నమ్మకం అదే.

మెడ ముందు తగిలే గట్టి ఎముకలాంటి భాగం వెనకాల రెండు మెత్తటి మడతలుంటాయి. అవే స్వరతంత్రులు. పొడవు బొటనవేలి గోరంత. ఊపిరి బయటికి వస్తూ తగలగానే ఇవి ఒకదాన్నొకటి తాకుతూ, విడిపోతూ అదురుతాయి. ఆడవాళ్ల గొంతులో సెకనుకి దాదాపు 200 సార్లు, మగవాళ్ల గొంతులో అందులో సుమారు సగం. 45 నిమిషాల పీరియడ్‌లో మూడో వంతు సేపే టీచరమ్మ గొంతు పలికిందనుకున్నా, లెక్క లక్షా 80 వేల తాకిళ్లకు చేరుతుంది. జలుబుకి ఈ మడతలు వాచినప్పుడు అంచులు సరిగా కలవవు, గాలి సందులోంచి జారిపోతుంది. బొంగురు అలా పుడుతుంది.

గుసగుసలో ఈ అదురు ఉండదు, నిజమే. కావాలంటే గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ‘ఆ’ అని చూడండి, వేళ్లకి జుమ్మని తెలుస్తుంది. అదే ‘ఆ’ని గదికి అటు చివర ఉన్నవారికి వినపడేలా గుసగుసగా అనండి. జుమ్మనడం పోతుంది గానీ మెడ బిగుసుకోవడం తెలుస్తుంది. చాలామందిలో ఆ సమయంలో తంత్రుల ముందు భాగం ఒకదానికొకటి నొక్కుకుని, వెనక చిన్న సందు మిగులుతుంది. గాలి అందులోంచి బుసలాగా దూసుకొస్తుంది. పైనున్న కండరాలు కూడా దగ్గరికి వచ్చి పిండుతాయి.

అమెరికాలో కొందరు గొంతు వైద్యులు 2006లో ఈ సంగతిని కళ్లారా చూశారు. గొంతు సమస్యతో వచ్చిన 100 మందికి కెమెరా గొట్టం పెట్టి, మామూలుగానూ గుసగుసగానూ మాట్లాడించారు. గుసగుసలో 69 మందికి ఆ పిండుడు ఎక్కువైంది. 18 మందికి తేడా లేదు, 13 మందికి తగ్గింది. వాళ్లు చూసింది బిగింపునే, దెబ్బ తగలడాన్ని కాదు. అందుచేత గుసగుస అందరి గొంతునీ పాడుచేస్తుందనడం కూడా సరికాదు. కానీ తాను ఆ 69లో ఉందో 13లో ఉందో కెమెరా లేకుండా టీచరమ్మకి తెలిసే దారి లేదు. విశ్రాంతి పేరుతో ఆ పందెం కాయడమెందుకు?

మరి అసలు విశ్రాంతి ఏది? జలుబు బొంగురుకి మౌనవ్రతం అక్కర్లేదు. మాటలు తగ్గించి, చెప్పాల్సిన నాలుగు మాటల్నీ చెయ్యి చాపితే అందేంత దూరంలోని మనిషికి వినపడేలా, మెత్తగా, మామూలు గొంతుతోనే చెప్పాలి. గొంతు సవరించుకోవడం, కాండ్రించడం మానాలి. ఆ ఒక్క క్షణంలో వాచిన అంచులు గట్టిగా కొట్టుకుంటాయి. గరగర అనిపిస్తే ఓ గుక్క నీళ్లు మింగడం మేలు. నీళ్లు నేరుగా తంత్రుల మీద పడవు, అన్నవాహికలోకి పోతాయి. ఒళ్లంతా నీరు చాలినంత ఉంటేనే అక్కడా తడి ఉంటుంది కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా తాగుతుండాలి.

పూర్తి మౌనం కావలసిన సందర్భాలు వేరు. అరుస్తూనో పాడుతూనో ఉండగా గొంతు ఠక్కున పోతే తంత్రిలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. అప్పుడు మాట, గుసగుస, కూనిరాగం ఏదీ కూడదు. కాగితం మీద రాసి చూపిస్తూ వెంటనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తంత్రులకి ఆపరేషనైతే మౌనం ఎన్నాళ్లో డాక్టరే చెబుతారు. ఇక్కడా ఎక్కువైతే మంచిదని లేదు. జపాన్‌లో 2017లో అచ్చయిన పరిశీలనలో ఏడు రోజులు నోరు విప్పనివారి కంటే, మూడు రోజులు ఆగి తర్వాత మెల్లగా గొంతు సాధన మొదలుపెట్టినవారికే గాయం బాగా మానింది.

జలుబు బొంగురు మామూలుగా ఒకటి రెండు వారాల్లో పోతుంది. నాలుగు వారాలైనా పోకపోతే కెమెరాతో చూపించుకోవాలి. పొగతాగేవారు, మెడలో గడ్డ తగిలినవారు, ఊపిరి ఆడనివారు అన్నాళ్లు కూడా ఆగకూడదు.

టీచరమ్మ విషయానికొస్తే, సోమవారం పాఠాన్ని క్లాస్ లీడర్‌తో గట్టిగా చదివించవచ్చు. అల్లరి మితిమీరితే బల్ల మీద డస్టర్‌తో రెండు దెబ్బలు వేస్తే చాలు, గొంతు ఎత్తనక్కర్లేదు. వెనక బెంచీ పిల్లాడికి ఏదైనా చెప్పాల్సి వస్తే నాలుగడుగులు వేసి వాడి పక్కకే వెళ్లి చెప్పొచ్చు.