ముందు ఒత్తులకు చోటు, తర్వాతే అనువాదం

డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒక మేడం తన పాఠం స్లైడ్లను తెలుగు చేసిపెట్టమని నాకిచ్చారు. కిరణజన్య సంయోగక్రియ మీద 32 స్లైడ్లు. అంతకుముందు ఆవిడే ఓసారి ప్రయత్నించారు. ఇంగ్లీషు వాక్యం తీసేసి, అదే చోట తెలుగు వాక్యం పెట్టుకుంటూ వెళ్లారు. ఇంట్లో లాప్‌టాప్‌లో బాగానే కనిపించింది. క్లాసులోని పాత కంప్యూటర్లో తెరిస్తే చివరి వరుసలు పెట్టె దాటి కిందికి జారాయి. ‘ఉత్ప్రేరకం’లో ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడ్డాయి.

తెర మీద ఏం కనిపిస్తోందో చూస్తే జబ్బు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఖాళీ చతురస్రాలు కనిపిస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటే లేదు. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే ఆ పాఠాన్ని యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో టైపు చేశారు. దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అక్షరాలు సరిగ్గానే ఉండి ఒత్తులు మాత్రం విడిపోతే, వాటిని కలిపే పని జరగడం లేదు. ‘త్ప్రే’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు దాన్ని త, పొల్లు, ప, పొల్లు, ర, ఏత్వం అని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. ఫాంటులోని నియమాలను చదివి ఆ ఆరింటినీ ఒకటిగా అల్లేది సాఫ్ట్‌వేర్. అది పాతదైతే ఫాంటు ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

అందుకే నేను అనువాదం మొదలుపెట్టకముందే Slide Master తెరిచాను. అక్కడ నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి, ఒక స్లైడులో ‘స్త్రీ, రాష్ట్రం, ఉత్ప్రేరకం’ అని మూడు వరుసల్లో టైపు చేశాను. పై వరుస ఒత్తులు కింది వరుస అక్షరాలకు తగిలాయి. ఆ నమూనాలో వరుసల మధ్య ఎడం 90 శాతం ఉంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిచోట్ల ఒత్తు కింద మరో ఒత్తు. ఎడం 100 శాతం చేశాక వరుసలు విడివడ్డాయి. పెట్టె దాటడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. మాటలు పెరగకపోయినా, అదే సైజులో తెలుగు వరుస ఎక్కువ ఎత్తు తీసుకుంటుంది.

ఫాంటు విషయంలో ఇంకో మెలిక ఉంది. పవర్‌పాయింట్ ఫైలు ఒకే మాటకు వేర్వేరు లిపుల కోసం వేర్వేరు ఫాంట్లు రాసుకుంటుంది, ఇంగ్లీషు లిపికి ఒకటి, తెలుగు వంటి లిపులకు ఒకటి.

```xml
<a:latin typeface="Calibri"/>
<a:cs typeface="Noto Sans Telugu"/>
```

ప్రోగ్రాము రాసి స్లైడ్లన్నీ ఒకేసారి మార్చేవాళ్లు చాలాసార్లు మొదటిదే మారుస్తారు. ‘ఫాంటు మార్చాను, తెలుగు మారలేదు’ అనిపిస్తే రెండో వరుస చూడాలి.

ఇక తొమ్మిదో స్లైడు. ఇంగ్లీషులో 28 పాయింట్లలో ఐదు వాక్యాలు, ఐదు వరుసలు. తెలుగులో ఎనిమిది వరుసలయ్యాయి. Shrink text on overflow దాన్ని చిన్నది చేసి పెట్టెలో ఇరికించింది. చూడ్డానికి సమస్య తీరినట్టే ఉంటుంది గానీ, వెనక బెంచీ పిల్లలకు ఒత్తులు చుక్కల్లా కనిపిస్తాయి. Do not Autofit ఎంచుకుంటే అసలు ఎంత పొంగుతోందో బయటపడింది. ముందు వాక్యాలను కుదించాను. ‘కాంతి చర్యలు థైలకాయిడ్ త్వచాలలో జరుగుతాయి మరియు ఆక్సిజన్ విడుదల చేయబడుతుంది’ అన్నది ‘థైలకాయిడ్ త్వచాల్లో కాంతి చర్యలు, ఆక్సిజన్ విడుదల’ అయింది. స్లైడు మీద ఇంత చాలు, మిగతాది మేడం నోటితో చెబుతారు. అయినా ఆరు వరుసలు మిగిలాయి. కాంతి చర్యలకు ఒక స్లైడు, నిష్కాంతి చర్యలకు ఒక స్లైడు చేశాను. సైజు 28 దగ్గరే నిలిచింది.

బొమ్మల్లో చిక్కు వేరు. ‘హరితరేణువు’ ఒకే మాట, మధ్యలో ఖాళీ లేదు. ఇరుకు పెట్టెలో పడితే మాట మధ్యలో విరిగి చివరి అక్షరం ఒంటరిగా కిందికి దిగుతుంది. అక్కడ అక్షరాన్ని తగ్గించకుండా పెట్టెనే వెడల్పు చేశాను. ఫొటోలో కలిసిపోయిన ఇంగ్లీషు పేర్ల మీద తెల్ల పెట్టె వేసి తెలుగు పేరు రాశాను.

చివరికి ఫైలులోనే ఫాంటు కూడా వెళ్లేలా Embed all characters ఎంచి దాచాను. ఫాంటు లైసెన్సు ఒప్పుకుంటేనే అది కుదురుతుంది, నోటో ఫాంటుకు ఆ ఇబ్బంది లేదు. కానీ క్లాసు కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పాతదైతే ఫాంటు వెంట ఉన్నా ఒత్తులు కలవవు. అందుకని నా దగ్గరే పీడీఎఫ్ కూడా తీశాను. పీడీఎఫ్‌లో ఒత్తులు ముందే కలిసి, గీతల రూపంలో స్థిరపడి ఉంటాయి. అందులో యానిమేషన్లు పోతాయి. సమీకరణం ఒక్కొక్క ముక్కగా వచ్చే స్లైడును అందుకే నాలుగు స్లైడ్లుగా విడగొట్టాల్సి వచ్చింది.