మృతచర్మాన్ని తొలగించే ఆమ్లాలు

గ్లైకాలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం, శాలిసిలిక్ ఆమ్లం అనే మూడు కర్బన ఆమ్లాలను చర్మం పైపొరలో పేరుకున్న మృతకణాలను తొలగించడానికి సౌందర్య సాధనాలలో విరివిగా వాడుతున్నారు. వీటిని ఎక్స్‌ఫోలియెంట్లు అంటారు. సున్నిపిండి, స్క్రబ్బు వంటివి రుద్దుడు వల్ల మృతకణాలను తొలగిస్తే, ఈ ఆమ్లాలు రుద్దకుండానే ఆ పని చేస్తాయి. మొదటిసారి వాడేవారికి మూడూ అవసరం లేదు. వీటిలో ఏ ఒక్కటి సరిపోతుందో ఆమ్లం స్వభావాన్ని బట్టి, చర్మం స్వభావాన్ని బట్టి నిర్ణయించవచ్చు.

పనిచేసే విధానం

చర్మం పైపొరలో మృతకణాలు ఒకదానిపై ఒకటి పేర్చిన పెంకుల వలె ఉంటాయి. వాటిని పట్టి ఉంచే బంధాలు క్రమంగా సడలి, పాతకణాలు కంటికి కనిపించకుండా రాలిపోతుంటాయి. ఈ రాలడం మందగించినప్పుడు చర్మం గరుకుగా, కాంతిహీనంగా కనిపిస్తుంది. రోమకూపాల లోపల ఇదే జరిగితే మృతకణాలు, చర్మపు నూనె కలిసి బిరడా వలె అడ్డుపడి బ్లాక్‌హెడ్స్, మొటిమలు ఏర్పడతాయి. ఆమ్లాలు ఆ బంధాలను సడలించి కణాలు రాలడాన్ని త్వరపరుస్తాయి. 1974లో వాన్ స్కాట్, యు అనే అమెరికా పరిశోధకులు, చర్మం పొలుసులుగా మారే ఇక్తియోసిస్ అనే వ్యాధిలో గ్లైకాలిక్, లాక్టిక్ తదితర ఆమ్లాలు మేలు చేస్తాయని ప్రచురించారు. తరువాతి కాలంలో ఇవి సౌందర్య సాధనాలలోకి వచ్చాయి.

మూడింటి మధ్య భేదాలు

గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలు నీటిలో కరుగుతాయి కనుక ప్రధానంగా చర్మం ఉపరితలం మీద పనిచేస్తాయి. గ్లైకాలిక్ ఆమ్లం అణుభారం 76, లాక్టిక్ ఆమ్లం అణుభారం 90. చిన్న అణువు కావడం వల్ల గ్లైకాలిక్ ఆమ్లం చర్మంలోకి త్వరగా చొచ్చుకుపోతుంది. ఫలితం త్వరగా కనిపించినా, మంట కూడా ఎక్కువగా కలిగించగలదు. లాక్టిక్ ఆమ్లం కొంత నిదానమైనది. పైగా చర్మం సహజంగా తేమను నిలుపుకోవడానికి తోడ్పడే పదార్థాలలో లాక్టిక్ ఆమ్లపు లవణాలు కూడా ఉన్నాయి. అందువల్ల పొడి చర్మానికి ఇది అనుకూలం.

శాలిసిలిక్ ఆమ్లం వేరు కోవకు చెందినది. ఇది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది, నూనెలలో సులభంగా కలుస్తుంది. అందువల్ల నూనెతో నిండిన రోమకూపం లోపలికి ప్రవేశించి అక్కడి బిరడాను సడలించగలదు. వాపును కొంతవరకు తగ్గించే గుణం కూడా దీనికి ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే మొటిమల మందులలో దీనిని 0.5 నుండి 2 శాతం వరకు వాడటానికి అమెరికా ఔషధ నియమాలు అనుమతిస్తాయి.

శాతం ఒక్కటే కొలమానం కాదు

సీసాపై ముద్రించిన శాతాన్ని చూసి బలాన్ని అంచనా వేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ద్రావణంలోని ఆమ్లంలో కొంత భాగం స్వేచ్ఛగా, మిగిలినది అయానుగా ఉంటుంది. చర్మంలోకి బాగా చొచ్చుకుపోయేది స్వేచ్ఛగా ఉన్న భాగమే. ఈ రెండింటి నిష్పత్తిని ద్రావణపు పీహెచ్ నిర్ణయిస్తుంది.

గ్లైకాలిక్ ఆమ్లం పీహెచ్ 3.8 వద్ద సుమారు సగం స్వేచ్ఛగా ఉంటుంది. పీహెచ్ 4.8కి పెరిగితే ఆ భాగం పదోవంతుకు పడిపోతుంది. 10 శాతం ఆమ్లం, 4.8 పీహెచ్ గల సీసాలో పనిచేసే ఆమ్లం 1 శాతం మాత్రమే. 5 శాతం ఆమ్లం, 3.8 పీహెచ్ గల సీసాలో అది సుమారు 2.5 శాతం. అంటే తక్కువ శాతం రాసి ఉన్న రెండవ సీసాయే బలమైనది. ఇంటి వాడకానికి ఉద్దేశించిన గ్లైకాలిక్, లాక్టిక్ ఉత్పత్తులలో ఆమ్లం 10 శాతం మించకుండా, పీహెచ్ 3.5 కంటే తగ్గకుండా ఉండాలని అమెరికాలోని సౌందర్య సాధనాల నిపుణుల సంఘం 1998లో సూచించింది. 30 శాతం, అంతకు మించినవి చర్మవైద్యుని పర్యవేక్షణలో చేసే పీలింగ్ చికిత్సకు చెందినవి.

ముఖానికి పెరుగు పూసే అలవాటు తెలుగు ఇళ్ళలో ఉంది. పెరుగులో ఉన్నది లాక్టిక్ ఆమ్లమే. అయితే అది సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది, పీహెచ్ సుమారు 4.5 కావడం వల్ల అందులోనూ స్వేచ్ఛగా ఉండేది ఐదోవంతు మాత్రమే. నిమ్మరసం ఇందుకు భిన్నం. దాని పీహెచ్ సుమారు 2 కనుక నేరుగా పూస్తే చర్మం దెబ్బతినే అవకాశం ఉంది.

ఎంపిక: ఒక ఉదాహరణ

పంతొమ్మిదేళ్ళ విద్యార్థినికి నుదురు, ముక్కు జిడ్డుగా ఉండి బ్లాక్‌హెడ్స్ ఉన్నాయనీ, బుగ్గలు పొడిగా ఉండి పాత మొటిమల గోధుమరంగు మచ్చలు ఉన్నాయనీ అనుకుందాం. మచ్చలను చూసి గ్లైకాలిక్ ఆమ్లాన్ని ఎంచుకోవాలని అనిపించవచ్చు. కానీ ఆ మచ్చలకు మూలం మొటిమలు, మొటిమలకు మూలం మూసుకుపోయిన రోమకూపాలు. కొత్త మొటిమలు ఆగనంతవరకు కొత్త మచ్చలు వస్తూనే ఉంటాయి. అందువల్ల మొదట కొనవలసినది 2 శాతం శాలిసిలిక్ ఆమ్లం. దానిని నుదురు, ముక్కుల మీద మాత్రమే పూయాలి. పొడి బుగ్గలకు మాయిశ్చరైజర్ చాలు.

అదే విద్యార్థినికి మొటిమలు లేకుండా ముఖమంతా పొడిగా, గరుకుగా ఉంటే 5 శాతం లాక్టిక్ ఆమ్లం తగినది. గ్లైకాలిక్ ఆమ్లం మందమైన, సులభంగా మండని చర్మానికి సరిపోతుంది. చామనఛాయ, నలుపు రంగు చర్మాలలో మంట, వాపు తగ్గిన చోట నల్లమచ్చ మిగిలిపోవడం ఎక్కువ. మచ్చలు పోగొట్టుకోవడానికి తెచ్చిన ఆమ్లమే కొత్త మచ్చలకు కారణం కావచ్చు. కనుక ఇటువంటి చర్మం గల ప్రారంభకులకు నిదానమైన ఆమ్లమే మేలు.

వాడే పద్ధతి

మొదట చెవి వెనుక కొద్దిగా పూసి రెండు రోజులు గమనించాలి. ఆపై వారానికి రెండు రాత్రులు మాత్రమే, ముఖం కడిగి, తడి ఆరిన తరువాత పలుచగా పూసి, దానిపై మాయిశ్చరైజర్ రాయాలి. మూడు, నాలుగు వారాల వరకు ఈ మోతాదును పెంచకూడదు. ఆ కాలంలో మరే కొత్త క్రీమునూ ప్రారంభించరాదు. ప్రారంభిస్తే మంట దేనివల్ల వచ్చిందో తెలియదు. గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలు ఎండకు చర్మం కందే గుణాన్ని పెంచుతాయి. వాడకం ఆపిన తరువాత కూడా కొన్ని రోజులు ఈ ప్రభావం ఉంటుంది. అందువల్ల పగటిపూట ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ తప్పనిసరి.

అతిగా వాడిన లక్షణాలు

పూసిన వెంటనే స్వల్పంగా చురుక్కుమని, ఒకటి రెండు నిమిషాలలో తగ్గడం సాధారణం. తీవ్రమైన మంట పుడితే వెంటనే నీటితో కడిగివేయాలి. మరునాటికి కూడా ఎరుపు ఉండటం, చర్మం బిగుసుకుని అసహజంగా మెరవడం, అంతకుముందు ఇబ్బంది పెట్టని మాయిశ్చరైజర్ కూడా మండటం పైపొర దెబ్బతిన్నదనడానికి గుర్తులు. ఈ మెరుపును చర్మకాంతిగా భావించి వాడకం పెంచడం వల్ల నష్టం ఎక్కువవుతుంది. ఇటువంటప్పుడు ఆమ్లాన్ని పూర్తిగా ఆపి, మంట తగ్గేవరకు మృదువైన సబ్బు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడాలి.

ఆస్పిరిన్ పడనివారు శాలిసిలిక్ ఆమ్లాన్ని వాడరాదు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు. గర్భిణులు, ఎగ్జిమా ఉన్నవారు, మొటిమలకు రెటినాయిడ్ మందులు వాడుతున్నవారు ఈ మూడింటిలో దేనినైనా ప్రారంభించే ముందు వైద్యుని సంప్రదించాలి. గడ్డలుగా ఏర్పడి గుంటలు మిగిల్చే మొటిమలకు ఈ ఆమ్లాలు చాలవు, వాటికి వైద్య చికిత్స అవసరం.