గీతలు కూడా సాక్ష్యమే

బైక్ ప్రమాదం క్లెయిమ్ ఫారంలో 'స్కిడ్ అయింది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే సర్వేయర్ సవాలక్ష ప్రశ్నలు వేస్తాడు. కాస్త వివరంగా రాయండి: "రాత్రి 8 గంటలు. మలుపులో కంకర ఉంది. ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేక్ వేస్తే బండి జారి ఎడమవైపు పడింది." అప్పుడు ఎడమ అద్దం, హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్ట్ మీది తాజా గీతలు ఆ మాటను బలపరుస్తాయి. పనిలో పనిగా కుడివైపు పాత సొట్టనూ కలిపారో, అసలు క్లెయిమ్‌కే ఎసరు! తుప్పు పట్టిన గీత నిన్నటిది కాదని ఇట్టే తెలిసిపోతుంది.

వీలైతే బండి కదిల్చేలోపే రోడ్డు, నంబర్ ప్లేట్ కనబడేలా ఫొటోలు తీయండి. ఎవరికైనా దెబ్బలు తగిలితే పోలీసులకు చెప్పండి. బీమా కంపెనీ చూడకముందే మెకానిక్‌తో పార్టులు విప్పించకండి.