ఆగిన ఆటలో ఆగని చిత్రణ: మెనూ, విరామ తెరల ఫ్రేమ్ వేగానికి హద్దు

వీడియో గేమ్‌లో విరామ మీట నొక్కితే ఆగేది ఆటలోని కాలం మాత్రమే. పాత్రలు కదలవు, గడియారం నడవదు. తెరపై బొమ్మను గీసే పని మాత్రం సాగుతూనే ఉంటుంది. ‘ఆట ఆగింది’ అన్న మన మాటలో ఈ రెండూ కలిసిపోయాయి గానీ, ప్రోగ్రామ్‌కు అవి వేర్వేరు పనులు. ఈ తేడాను గమనించకపోవడం వల్ల కంప్యూటర్ అకారణంగా ఎలా వేడెక్కుతుందో, దానిని ఎలా అరికట్టవచ్చో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యుద్ధ దృశ్యంలో ఒక్కో ఫ్రేమ్‌ను గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకు 20 మిల్లీసెకన్లు పడితే, సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి. నాలుగు మీటలూ ఒక నేపథ్య చిత్రమూ ఉన్న మెనూకు 2 మిల్లీసెకన్లు చాలు. హద్దు లేకపోతే కార్డు అక్కడ సెకనుకు 500 ఫ్రేములు గీస్తుంది. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లే మారుతుంది కనుక మిగిలిన 440 వల్ల చూసేవారికి ఒరిగేదేమీ లేదు. పని తేలికైనా కార్డుకు విశ్రాంతి దొరకలేదన్నదే ఇక్కడి కీలకాంశం: యుద్ధంలోనూ మెనూలోనూ అది సెకను పొడవునా పనిచేస్తూనే ఉంది. 60 ఫ్రేముల హద్దు విధిస్తే 120 మిల్లీసెకన్ల పని, 880 మిల్లీసెకన్ల విరామం. విద్యుత్తు సరిగ్గా ఇదే నిష్పత్తిలో తగ్గదు. ఖాళీగా ఉన్నా కార్డు కొంత వాడుకుంటుంది. అయినా తగ్గుదల స్పష్టంగా తెలుస్తుంది.

2010 జులైలో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ 2 ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. చల్లబరిచే ఏర్పాటు చాలని కంప్యూటర్లు ఆ ఆటలోని తేలికపాటి తెరల వద్ద వేడెక్కవచ్చని తయారీదారైన బ్లిజార్డ్ స్వయంగా తెలియజేసి, `variables.txt` ఫైలులో ఈ రెండు వరుసలు చేర్చమని సూచించింది:

```
frameratecap=60
frameratecapglue=30
```

మొదటిది ఆటకు, రెండవది మెనూలకు. మెనూకు విడిగా, ఇంకా తక్కువ హద్దు పెట్టడంలోనే సమస్య మూలం తెలిసిపోతుంది.

2021 జులైలో న్యూ వరల్డ్ ఆట బీటా పరీక్షలో కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు పాడైనప్పుడు, అమెజాన్ గేమ్స్ తమ ఆట సురక్షితమేనంటూనే మెనూ ఫ్రేమ్ వేగానికి హద్దు పెట్టింది. తమ కార్డులు కొన్నింటిలో టంకం పని సరిగా లేదని ఈవీజీఏ తర్వాత తేల్చింది. కాబట్టి హద్దులేని మెనూ ఆరోగ్యంగా ఉన్న కార్డును కాల్చివేస్తుందనడం అతిశయోక్తి; ఉన్న లోపాన్ని అది బయటపెట్టగలదనడం సబబు.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ఫ్యాన్ కార్డును గది గాలితోనే చల్లబరుస్తుంది. ఫ్యాన్ వేగం, పని మారకుండా గాలి 15 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల వద్ద వినిపించని ఫ్యాన్, పగటి వేడి 40 డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో, ఏసీ లేని గదిలో, మెనూ తెరిచి ఉంచినంతసేపూ హోరెత్తడంలో వింత లేదు. ఆటలో కంటే మెనూలో ఫ్యాన్ మోత పెరిగితే ఫ్రేమ్ లెక్క చూడాలి. అది వందల్లో ఉంటే కారణం దొరికినట్టే.

నివారణ ఆట రాసేవారి చేతిలో ఉంది. యూనిటీలో విరామ తెరకు ఇలా రాస్తారు:

```
Time.timeScale = 0f;
QualitySettings.vSyncCount = 0;
Application.targetFrameRate = 30;
```

మొదటి వరుస కాలాన్ని ఆపుతుంది. చిత్రణ వేగాన్ని తగ్గించేది మూడవది. చాలామంది మొదటిదానితో ఆగిపోతారు. రెండవ వరుస విడిచిపెడితే డెస్క్‌టాప్‌లో మూడవది పనిచేయకపోవచ్చు, ఎందుకంటే తెర వేగంతో సమన్వయం అమలులో ఉన్నప్పుడు యూనిటీ ఆ అంకెను పట్టించుకోదు. ఆటలోకి తిరిగి వెళ్లేటప్పుడు మూడింటి పాత విలువలనూ పునరుద్ధరించాలి. లేకుంటే ఆట 30 ఫ్రేముల వద్దే కుంటుతుంది.

30 అన్ని చోట్లా తగదు. మౌస్ గుర్తును ఆటే గీస్తున్నట్లయితే అది తడబడుతూ కదులుతుంది. అటువంటి మెనూకు 60 మేలు. లోడింగ్ తెరను ఈ హద్దు నుంచి మినహాయించాలి. నేపథ్యంలో దృశ్యాన్ని తెచ్చే పనిని ఇంజిన్ ఫ్రేముకు కొంత చొప్పున చేస్తుంది కనుక, ఫ్రేములు తగ్గితే ఆటగాడు మరింతసేపు వేచి ఉండవలసి వస్తుంది.