కథ నాలుగో అధ్యాయంలో మొదలైతే

నవల రాయడం కొత్తగా మొదలుపెట్టినవారి రాతప్రతుల్లో మొదటి రెండు మూడు అధ్యాయాలు తరచూ పాత్రల గతంతోనే నిండిపోతాయి. రచయితల బృందంలో ఆ ప్రతి చదివిన సభ్యుడు ‘ఆరంభం సాగతీతగా ఉంది’ అని రాసి ఊరుకుంటే రాసినవారికి బాధ మిగులుతుంది తప్ప దారి దొరకదు. కథ ఎక్కడ కదిలిందో పేజీతో సహా చూపాలి.

ఒక నవల ఇలా ఉందనుకుందాం. మొదటి అధ్యాయంలో రత్నం తాత పెంకుటిల్లు కట్టించాడు. రెండోదాంట్లో తండ్రి అప్పులు, మూడోదాంట్లో రత్నం చదువు, పెళ్లి. నాలుగో అధ్యాయంలో ఆమె ఆ ఇల్లు అమ్మడానికి ఊళ్లో బస్సు దిగుతుంది. అరుగు మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు, ఇంటి తాళం ఇవ్వనంటాడు. చదివేవారు ‘ఇప్పుడేమవుతుంది’ అనుకునే మొదటి చోటు ఇదే.

ముందున్న మూడు అధ్యాయాల్లో లోపం భాషది కాదు. వాటిలో ‘వెళ్తుండేవాడు’, ‘చెబుతుండేది’, ‘ఆ రోజుల్లో’ అనే మాటలు వరసగా వస్తాయి, సంభాషణలు దాదాపు ఉండవు. రోజూ జరిగేదాన్ని చెప్పే క్రియలవి. ఒకనాడు, ఒక మనిషికి, ఒక్కసారి జరిగినది వాటిలో ఇమడదు. అందుకే ఎంత చక్కగా రాసినా ఆ పేజీలు నిలిచిపోయినట్టుంటాయి.

సభ్యుడు రాసే చీటీ ఇలా ఉండవచ్చు: “అరుగు దగ్గరి ఘట్టంలో మీ కథ నన్ను పట్టుకుంది. తమ్ముడి మొండితనం వెనక ఏదో ఉందని అనిపించింది, అదేమిటో తెలుసుకోవాలనిపించింది. కానీ అప్పు సంగతి రెండో అధ్యాయంలోనే చెప్పేశారు. అక్కడి నుంచే మొదలుపెట్టి, ఆ సంగతి తమ్ముడి నోట చెప్పించి చూస్తారా?”

ఇలా మార్చినప్పుడు అప్పు పాత సమాచారంగా మిగలదు, అక్కాతమ్ముళ్ల గొడవలో ఆయుధమవుతుంది. తాత సంగతికి గుమ్మం దగ్గర ఒక్క వాక్యం చాలు. చదువు, పెళ్లి ఈ ఘట్టానికి అక్కర్లేదు. తీసేసిన పేజీలను పారేయకుండా వేరే దాచుకోమని చెప్పడం మంచిది. తమ్ముణ్ని అంత నమ్మకంగా రాయగలిగింది ఆ పేజీలు రాయడం వల్లే.

గతాన్ని ఆపి చెప్పడం తెలుగుకు కొత్త కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ను ద్వారకలో కలభాషిణితో మొదలుపెట్టాడు. అన్నిటికీ మూలమైన బ్రహ్మ, సరస్వతుల వృత్తాంతం చాలా తర్వాత గానీ బయటపడదు. అప్పటికి పాఠకుడి దగ్గర జవాబు కావలసిన ప్రశ్నలు బోలెడు పోగవుతాయి.

ఈ సలహా అన్ని నవలలకూ సరిపోదు. మూడు తరాల కథే రాయదలచుకుంటే తాత మొదటి అధ్యాయంలోనే ఉండాలి. అయితే అప్పుడాయన రత్నానికి పూర్వీకుడిగా కాక తన కథకు తానే నాయకుడిగా రావాలి. పునాది తవ్వుతున్న రోజున పక్కింటివాడు హద్దు తగాదాకు వస్తే అక్కడ మొదలుపెట్టవచ్చు.