చరణానికో స్లైడు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు పల్లవి కోసం వెతుక్కోనక్కర్లేదు. పైన రాగం, తాళం, వాటి కింద పల్లవి, ఆ తర్వాత వరుసగా చరణాలు. ప్రతి చరణం చివర జంట గీతల మధ్య పల్లవిలోని మొదటి మాట ఒక్కటే అచ్చయి ఉంటుంది. ఆ మాట కనపడగానే కన్ను పేజీ పైకి వెళ్లి పల్లవి అందుకుంటుంది. పాటంతా ఎదురుగానే ఉంది కాబట్టి ఆ చిన్న గుర్తు సరిపోతుంది.

అదే కీర్తన ప్రొజెక్టర్ తెర మీదికి వచ్చేసరికి పేజీ మాయమవుతుంది. ఒకసారికి ఒక్క ముక్కే కనపడుతుంది. చరణం కింద ఆ జంట గీతల మాటను ఉన్నదున్నట్టు దించేస్తే, చరణం అయ్యాక పల్లవి కంఠతా వచ్చినవాళ్లు పాడతారు, రానివాళ్లు గొణుగుతారు. చాలా సంఘాల్లో కొత్తగా స్లైడ్లు చేసే కుర్రాళ్లు మొట్టమొదట ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పుస్తకాన్ని నకలు చేస్తే స్లైడు అవ్వదు. గుర్తుగా ఉన్న పల్లవిని విప్పి, ప్రతి చరణం తర్వాతా పూర్తిగా మళ్లీ పెట్టాలి.

ఒక కీర్తన తీసుకుందాం. పల్లవి రెండు పంక్తులు. అయిదు చరణాలు. ఒక్కో చరణం పుస్తకంలో రెండు పొడవాటి పంక్తులు, పంక్తి మధ్యలో చిన్న అడ్డగీత. పాత కీర్తనల్లో కనపడే ఆ అడ్డగీతను టైపు చేసేవాళ్లు చాలామంది అలంకారం అనుకుని తీసేస్తారు. నిజానికి స్లైడు చేసేవాళ్లకి అంతకంటే పనికొచ్చేది ఇంకొకటి లేదు. పాట అక్కడ ఆగుతుంది, పాడేవాళ్లు అక్కడ ఊపిరి తీసుకుంటారు. అక్కడ విరిస్తే రెండు పొడవాటి పంక్తులు నాలుగు పొట్టి పంక్తులవుతాయి. ఒక స్లైడుకి సరిగ్గా సరిపోతాయి.

పంక్తిని మనం విరవకపోతే కంప్యూటరే విరుస్తుంది. దానికి తాళం తెలీదు. పెట్టె అంచు ఎక్కడ తగిలితే అక్కడ ఖాళీ చూసుకుని మిగతాది కిందికి తోస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నాటి కీర్తనల్లో సమాసాలు పొడుగ్గా ఉంటాయి, మధ్యలో ఖాళీ దొరకదు. అలాంటి మాట మొత్తంగా కింది పంక్తికి దూకుతుంది. పై పంక్తిలో రెండే మాటలు మిగులుతాయి, కింది పంక్తి కిక్కిరిసిపోతుంది. కొత్తగా పాడేవాళ్లు పంక్తి చివర ఆగడం సహజం కాబట్టి, ఆగకూడని చోట ఆగుతారు. అందుకే ప్రతి పంక్తి చివరా Shift+Enter మనమే కొట్టాలి. పెట్టెలో పట్టకపోతే అక్షరాలను తనంతట తానే చిన్నవి చేసే AutoFit ని కూడా ఆపెయ్యాలి. అది నడుస్తుంటే మొదటి చరణం ఒక సైజులో, మూడో చరణం ఇంకో సైజులో వస్తాయి. స్లైడు మారినప్పుడల్లా కన్ను మళ్లీ సర్దుకోవాలి.

ఇక సైజు. దీన్ని లాప్‌టాప్ ముందు కూర్చుని తేల్చకూడదు. ముందు టేపు పట్టుకుని తెర వెడల్పు, తెర నుంచి చివరి బెంచీకి ఉన్న దూరం కొలవాలి. నేను వాడే లెక్క తేలికైనది: 20 అడుగుల దూరానికి తెర మీద అక్షరం కనీసం ఒక అంగుళం ఎత్తు ఉండాలి. అక్షరం అంటే ఇక్కడ గుడులూ ఒత్తులూ తీసేసిన ఒట్టి శరీరం. హాలు 60 అడుగులైతే మూడు అంగుళాలు కావాలి.

తెర వెడల్పు 10 అడుగులు అనుకుందాం. 16:9 కొలతలో దాని ఎత్తు 67 అంగుళాల చిల్లర. పవర్‌పాయింట్ స్లైడు ఎత్తు 540 పాయింట్లు. అక్షరాలకు 60 పాయింట్లు పెడితే అది స్లైడు ఎత్తులో తొమ్మిదో వంతు, అంటే తెర మీద ఏడున్నర అంగుళాలు. కానీ తెలుగు ఫాంట్లలో అక్షరం శరీరం ఆ ఎత్తులో దాదాపు సగమే ఉంటుంది. మిగతా చోటంతా పైన గుడికీ ఏత్వానికీ, కింద ఒత్తులకూ పోతుంది. అంటే మనకు దక్కేది మూడున్నర అంగుళాల పైచిలుకు. చివరి బెంచీలో చత్వారం ఉన్న పెద్దావిడకు కూడా కాస్త వెసులుబాటు మిగిలింది. ఇంగ్లీషు పాటల స్లైడ్లకు చెప్పే 40 పాయింట్ల సలహాను తెలుగుకు తెచ్చుకుంటే ఎందుకు చాలదో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

60 పాయింట్ల దగ్గర, అటూ ఇటూ అంచులు వదిలేస్తే, పంక్తికి 20 అక్షరాలు పడతాయి. పంక్తికీ పంక్తికీ మధ్య 84 పాయింట్లు ఇస్తే నాలుగు పంక్తులకు 336 పాయింట్లు, అంటే స్లైడులో మూడింట రెండు వంతుల లోపు. ఈ నాలుగు పంక్తుల్నీ నడి మధ్యలో కాకుండా పై భాగంలో పెట్టాలి. ఎందుకంటే కీర్తనలు నిలబడి పాడతారు. కూర్చుని చూసినప్పుడు తెర అంతా కనపడుతుంది. అందరూ లేచాక వెనకవాళ్లకు తెర అడుగుభాగంలో ముందువాళ్ల తలలే కనపడతాయి. కాబట్టి స్లైడు సరిచూసేటప్పుడు హాలు ఖాళీగా ఉంటే, ముందు వరుసలో ఎవరినైనా నిలబెట్టి, మనం వెనక నిలబడి చదవాలి.

పంక్తుల మధ్య ఆ 84 పాయింట్లు ఊరికే ఇచ్చినవి కావు. పై పంక్తిలో స్త్ర, క్ష్మ లాంటి జంట ఒత్తులు కిందికి దిగుతాయి, కింది పంక్తి నుంచి గుడులు పైకి లేస్తాయి. మధ్యలో చోటు లేకపోతే రెండూ గుద్దుకుని ఏ ఒత్తు ఎవరిదో తెలీదు. ఫాంటు మారితే ఈ చోటు కూడా మారుతుంది. కొన్ని తెలుగు ఫాంట్లు తమంతట తామే చాలా ఎడం తీసుకుంటాయి, కొన్ని ఇరికిస్తాయి. అందుకని పంక్తుల ఎడాన్ని Exactly అన్న చోట అంకెతో పెట్టుకుంటే ఫాంటు చిత్తానికి వదలాల్సిన పని ఉండదు.

ఫాంటు ఎంచుకునేటప్పుడు చాలామంది లావుగా ఉంటే దూరానికి బాగా కనపడుతుందనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ తెలుగులో థ కీ ధ కీ తేడా కడుపులో ఒక చుక్క. ఠ కీ ర కీ తేడా కూడా అంతే. గీత మరీ లావైతే అక్షరం కడుపు మూసుకుపోయి ఆ చుక్క కనపడదు. రామభద్ర లాంటి బొద్దు ఫాంటు కరపత్రం మీద శీర్షికకు అందంగా ఉంటుంది, చరణాలకు వద్దు. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఒక మోస్తరు లావులో హాయిగా చదివిస్తాయి. అక్షరాల చుట్టూ గీత గీయడం, దట్టమైన నీడ వేయడం కూడా కడుపును మూసేవే. పరీక్షించడం సులువు: ర, ఠ, థ, ధ, బ, భ ఒకే స్లైడులో కలగాపులగంగా వేసి, వెనక నుంచి ఒకరిని చదవమనండి. ఏ అక్షరం దగ్గర తడబడ్డారో చూస్తే చాలు.

వెనక జలపాతాలు, సూర్యోదయాలు పెట్టడం మీద నాకు పెద్ద ఇష్టం లేదు. తెల్లటి మేఘం మీద తెల్లటి అక్షరం పడితే ఆ మాట ఎగిరిపోతుంది, అది ఏ మాటో ముందుగా ఎవరికీ తెలీదు. ఒకే రంగు నేల మేలు. ఏ రంగన్నది హాలులో వెలుతురును బట్టి ఉంటుంది. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగు వేయకుండా ఊరుకోగలదంతే. పగటిపూట కిటికీలు తెరిచి ఉన్న హాల్లో తెర మీద నలుపు అంటే బూడిదరంగే. అక్కడ తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు నిలబడతాయి. సాయంత్రం కూడికకు దీపాలు తగ్గించినప్పుడు ముదురు నీలం మీద తెలుపు కంటికి సుఖం.

మళ్లీ మన కీర్తన దగ్గరికి వద్దాం. మొదటి స్లైడు పల్లవి, రెండోది మొదటి చరణం, మూడోది పల్లవి, నాలుగోది రెండో చరణం. ఇలా పదోది అయిదో చరణం, పదకొండు పల్లవి. చివర ఒక ఖాళీ నల్ల స్లైడు. ఈ వరుసలో ఒక సుఖం ఉంది: ఏ చరణమైనా దాని అంకెకు రెట్టింపు స్లైడులో ఉంటుంది. ఆరాధన మధ్యలో పాస్టరు గారు "ఒకటి, నాలుగు, అయిదు చరణాలు పాడదాం" అంటారు. కంప్యూటర్ దగ్గరున్నవాళ్ల గుండె జారుతుంది. కానీ స్లైడ్లు నడుస్తుండగా 8 కొట్టి Enter నొక్కితే నాలుగో చరణం తెర మీద ఉంటుంది. అయితే పాటకో ఫైలు ఉండాలి, ముందు పేరు స్లైడు పెట్టకూడదు. పెడితే లెక్క ఒకటి జరిగిపోతుంది. రచయిత పేరు పల్లవి స్లైడు అడుగున చిన్నగా వేస్తే సరిపోతుంది. అనుపల్లవి ఉన్న కీర్తనైతే దాన్ని మొదటి స్లైడులోనే పల్లవి కింద చేర్చాలి. మధ్యలో ప్రార్థన వస్తే B నొక్కితే తెర చీకటవుతుంది, మళ్లీ నొక్కితే పాట తిరిగొస్తుంది.

పాటల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్లలో పల్లవిని ఇన్నిసార్లు దించే శ్రమ కూడా లేదు. ఉచితంగా దొరికే OpenLP లో పల్లవినీ చరణాలనూ ఒక్కోసారే ఎక్కించి, పాడే వరుసను విడిగా రాస్తాం. పల్లవికి C1, చరణాలకు V1, V2 అని గుర్తులు. మన పాస్టరు గారు చెప్పిన మూడు చరణాలకు వరుస ఇలా ఉంటుంది:

```
C1 V1 C1 V4 C1 V5 C1
```

నొక్కే వేళ గురించి ఒక్క మాట. చరణం చివరి మాట పూర్తయ్యాక మారిస్తే ఆలస్యమైనట్టే. చదివేవాళ్ల కన్ను నోటికంటే ముందుంటుంది కాబట్టి, చివరి పంక్తిలో ఆఖరి మాట మొదలవగానే మార్చాలి. రెండుసార్లు పాడే పంక్తి చివర (2) అని ఉంచితే పాడేవాళ్లకే కాదు, నొక్కేవాళ్లకూ అదే ఆధారం. లేకపోతే మొదటిసారి అవ్వగానే చరణం ఎగిరిపోతుంది.

సంఘాల దగ్గరున్న పాత పాటల ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని దించి స్లైడులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తుంది. వాటిని యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి గానీ, అరుదైన ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. మార్చాక అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒకరు పాడుతుంటే ఇంకొకరు స్లైడు చూస్తూ సరిచూడాలి. మౌనంగా చదివితే కన్ను తప్పును దాటేస్తుంది. యూనికోడ్‌లో ఉన్నా, హాల్లోని కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి పంక్తులు చెదురుతాయి. సేవ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే పొదిగే ఏర్పాటు పవర్‌పాయింట్‌లో ఉంది. దానితో పాటు ఒక పీడీఎఫ్ నకలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడం మంచిది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు సంఘాల్లో మరో చిక్కు ఉంది. పిల్లలకు తెలుగు పాడటం వచ్చు, చదవటం రాదు. ప్రతి తెలుగు పంక్తి కిందా అదే పంక్తిని ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వాల్సి వస్తుంది. నాలుగు పంక్తులు ఎనిమిదవుతాయి. చరణానికో స్లైడు అన్న నియమం పట్టుకుని అన్నిటినీ ఇరికిస్తే 60 పాయింట్లు 35కి పడిపోతాయి, అప్పుడు తాతలకూ కనపడదు, మనవలకూ కనపడదు. అక్కడ చరణాన్ని సగానికి, అంటే పుస్తకంలోని మొదటి పొడవాటి పంక్తి పూర్తయ్యే చోట, రెండు స్లైడ్లుగా చీల్చాలి. తెలుగును 60 దగ్గరే ఉంచి, ఇంగ్లీషు అక్షరాలను దాని కింద 40లో, కాస్త లేత రంగులో వేస్తే ఎవరి పంక్తి ఏదో వాళ్లకు వెంటనే దొరుకుతుంది. అప్పుడు స్లైడు అంకెల రెట్టింపు లెక్క కుదరదు కాబట్టి, ఏ చరణం ఏ అంకె దగ్గర మొదలవుతుందో ఒక చీటీ మీద రాసి కీబోర్డు పక్కన అంటించుకోవాలి.