ఒకచోట మారిస్తే 40 స్లైడ్లూ మారాలంటే

ఒక విత్తనాల కంపెనీ మూడు నెలలకోసారి జరిగే సమీక్షకు 40 స్లైడ్లు సిద్ధం చేస్తుందనుకుందాం. అమ్మకాల విభాగం 12 పంపుతుంది, ఉత్పత్తి విభాగం 10, అకౌంట్స్ వాళ్లు 8. మిగతావి ఎండీ ఆఫీసులో తయారవుతాయి. అన్నింటినీ ఒక్క ఫైల్లోకి చేర్చాక చూస్తే శీర్షిక ఒక స్లైడులో పైన ఉంటుంది, తర్వాతి దాంట్లో వేలెడు కిందికి దిగి ఉంటుంది. కంపెనీ ఆకుపచ్చ రంగు మూడు రకాలుగా కనిపిస్తుంది. కొన్నిటికి పేజీ నంబరే ఉండదు. మీటింగుకు ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో పెట్టెనూ మౌస్‌తో లాగి సరిచేస్తూ ఉంటారు.

అలా లాగడం వల్లే వచ్చేసారికి ఇబ్బంది మరింత పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే స్లైడు వెనక ఏముందో చూడాలి.

పవర్‌పాయింట్‌లో `View` మెనూలోకి వెళ్లి `Slide Master` నొక్కితే ఎడమవైపు వరుసగా చిన్న బొమ్మలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన, కాస్త పెద్దగా ఉన్నది మాస్టర్. దాని కింద ఉన్నవి లేఔట్లు. 2007 వెర్షన్ నుంచి ఎవరికి కావలసిన లేఔట్లు వాళ్లే తయారు చేసుకునే వీలు వచ్చింది. శీర్షిక ఎక్కడ ఉండాలి, అక్షరాలు ఎంత పరిమాణంలో ఉండాలి అన్నది మాస్టర్ చెబుతుంది. లేఔట్ దాన్ని తీసుకుంటుంది, లేఔట్ నుంచి స్లైడు తీసుకుంటుంది. ఈ వరుస నడిచేది ప్లేస్‌హోల్డర్ల ద్వారానే. "Click to add title" అని చుక్కల గీతలో కనిపించే పెట్టెలే ఆ ప్లేస్‌హోల్డర్లు. `Insert` మెనూ నుంచి తెచ్చుకున్న టెక్స్ట్ బాక్సుకు ఈ బంధం లేదు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కానీ మాస్టర్‌లో శీర్షిక స్థానం మారిస్తే ప్లేస్‌హోల్డర్ కదులుతుంది, టెక్స్ట్ బాక్సు ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ప్లేస్‌హోల్డర్‌నే అయినా స్లైడు మీద చేత్తో లాగితే ఆ కొత్త స్థానాన్ని స్లైడు తన సొంతంగా రాసుకుంటుంది. అప్పటినుంచి స్థానం విషయంలో మాస్టర్ మాట వినదు. దాన్ని మళ్లీ దారికి తెచ్చేది `Home` మెనూలోని `Reset`. అది సొంత కొలతలను చెరిపేసి లేఔట్ కొలతలను తిరిగి ఇస్తుంది. రాత్రంతా మౌస్‌తో చేసే పనిలో చాలా భాగం ఈ ఒక్క బటన్‌తో అయిపోతుంది, స్లైడు సరైన లేఔట్ మీద కట్టినదైతే.

కాబట్టి అసలు పని లేఔట్లలో ఉంది. మన విత్తనాల కంపెనీకి ఐదు చాలు: ముఖపత్రం, విభాగం పేరు, శీర్షికతో వివరణ, చార్టుతో వ్యాఖ్య, పొలం ఫొటో. 16:9 స్లైడు వెడల్పు 33.87 సెం.మీ., ఎత్తు 19.05 సెం.మీ. రెండు పక్కలా 1.5 సెం.మీ. వదిలితే 30.87 మిగులుతుంది. చార్టు లేఔట్‌లో 19 సెం.మీ. చార్టుకు, 1 సెం.మీ. ఖాళీ, 10.87 వ్యాఖ్యకు. శీర్షిక పైనుంచి 1 సెం.మీ. దగ్గర మొదలై 3.2 దగ్గర ముగుస్తుంది. విషయం 3.8 నుంచి 17 వరకు. పేజీ నంబరు ఆ కింద. ఈ కొలతలను కంటితో అంచనా వేసి పెట్టకుండా పెట్టె లక్షణాల్లో అంకెలుగానే టైపు చేయాలి. చార్టు చోట `Insert Placeholder` నుంచి చార్టు ప్లేస్‌హోల్డర్ పెడితే, అందులో చేసిన చార్టు సరిగ్గా ఆ 19 సెం.మీ.లోనే కూర్చుంటుంది. ఫొటో ప్లేస్‌హోల్డర్ అయితే బొమ్మను తనకు సరిపోయేలా కత్తిరించుకుంటుంది కూడా.

ఎక్కువమంది మరిచిపోయేది ఆటోఫిట్. రాత ఎక్కువైతే అక్షరాలను తనంతట తానే కుదించే సదుపాయం అది. అదే ఆన్‌లో ఉంటే ఒక స్లైడులో 20 పాయింట్లు, పక్కదాంట్లో 14 పాయింట్లు వస్తాయి. మాస్టర్‌లోనే `Do not Autofit` ఎంచుకుంటే రాత పెట్టె దాటి బయటికి వస్తుంది. అది కంటికి ఇబ్బందిగానే ఉంటుంది, కానీ రాసినవాళ్లకు తగ్గించుకోవాలని వెంటనే తెలుస్తుంది. నలుగురు రాసే ప్రెజెంటేషన్‌లో ఈ ఇబ్బందే మేలు.

రంగుల్లోనూ ఇదే లెక్క. థీమ్‌లో 12 రంగులకు చోటుంటుంది: రాతకు, నేపథ్యానికి కలిపి 4, చార్టులూ ఆకారాలూ వాడుకునేవి 6, లింకులకు 2. కంపెనీ ఆకుపచ్చను ఆ ఆరింటిలో మొదటిదిగా పెడితే కొత్త చార్టు మొదటి గీత దానంతట అదే ఆ రంగులో వస్తుంది. ఐడ్రాపర్‌తో లోగో మీంచి తీసిన రంగు అచ్చంగా అలాగే కనిపించినా థీమ్‌తో సంబంధం ఉండదు. ఆకుపచ్చ మూడు రకాలు కావడానికి తరచూ కారణం ఇదే.

తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకు మరో ముడి ఉంది. థీమ్ ఫాంట్లు ఎంచుకున్నప్పుడు అవి సాధారణంగా ఇంగ్లిష్ అక్షరాలకే వర్తిస్తాయి. తెలుగుకు వేరే ఏర్పాటు. ఆఫీస్ మామూలు థీమ్ ఫైల్లో ఈ వరుస ఉంటుంది:

```
<a:font script="Telu" typeface="Gautami"/>
```

విండోస్ 10 నుంచి గౌతమి అదనంగా వేసుకోవలసిన ఫాంట్ల జాబితాలోకి వెళ్లింది. అది లేని కంప్యూటర్‌లో ఇంకో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, పంక్తుల ఎత్తు మారుతుంది, చివరి వాక్యం పెట్టె బయటికి జారుతుంది. విండోస్‌తో పాటే వచ్చే నిర్మల యూఐని మాస్టర్‌లోనే తెలుగుకు నిర్ణయించడం క్షేమం. వత్తులూ గుణింతాలూ ఒకదాన్నొకటి తగలకుండా పంక్తుల మధ్య ఎడం కూడా అక్కడే కాస్త పెంచాలి.

టెంప్లేటు ఎవరికైనా ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టవచ్చు. పాత స్లైడ్లు కొన్ని అందులోకి తెచ్చి, మాస్టర్‌లో శీర్షికను ఎర్రగా మార్చి, అన్ని స్లైడ్లూ తిప్పి చూడాలి. ఎక్కడ శీర్షిక ఎర్రబడలేదో అక్కడ బంధం తెగింది. `Outline View`లో చూసినా తెలుస్తుంది: టెక్స్ట్ బాక్సులో రాసింది ఆ జాబితాలోకి రాదు. అలాంటి రాతను కత్తిరించి అసలు ప్లేస్‌హోల్డర్‌లో పెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. `Reset` టెక్స్ట్ బాక్సులను తాకదు.

తయారైనదాన్ని `.potx`గా సేవ్ చేయాలి. దాన్ని రెండుసార్లు నొక్కితే అసలు ఫైలు తెరుచుకోదు, పేరులేని కొత్త ప్రెజెంటేషన్ మొదలవుతుంది. మూలం చెడదు.

వాడకం మొదలయ్యాక ఎక్కువ నష్టం అతికించడంలోనే జరుగుతుంది. వేరే ఫైలు నుంచి స్లైడు తెచ్చేటప్పుడు `Keep Source Formatting` నొక్కితే స్లైడు వెంట దాని మాస్టర్ కూడా వచ్చేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఒక్క ఫైల్లో అరడజను మాస్టర్లు పోగుపడటం అరుదేమీ కాదు. `Use Destination Theme` నొక్కితే ఈ బాధ ఉండదు. ఇప్పటికే పోగుపడి ఉంటే, స్లైడ్లకు కంపెనీ లేఔట్ ఇచ్చి, ఖాళీగా మిగిలిన మాస్టర్లను తొలగించాలి. మాస్టర్ వీక్షణలో లేఔట్ బొమ్మ మీద మౌస్ ఉంచితే దాన్ని ఏయే స్లైడ్లు వాడుతున్నాయో కనిపిస్తుంది.

కొన్ని నెలలకు లేఔట్ మార్చాలనిపిస్తే పాత ప్లేస్‌హోల్డర్‌ను జరపాలి, పరిమాణం మార్చాలి. తీసేసి కొత్తది గీయకూడదు. ప్రతి ప్లేస్‌హోల్డర్‌కూ లోపల ఒక సంఖ్య ఉంటుంది, స్లైడులోని రాత ఆ సంఖ్యనే పట్టుకుని ఉంటుంది. కొత్తగా గీసినదానికి వేరే సంఖ్య వస్తే పాత రాతకు ఆధారం పోతుంది. ఇంకొకటి, `.potx`లో చేసిన మార్పు ఇదివరకే దాంతో తయారైన ఫైళ్లకు చేరదు. అలాంటి ఒక్కో ఫైల్లో `Design` మెనూ థీముల జాబితా చివర ఉన్న `Browse for Themes` నుంచి కొత్త టెంప్లేటును ఎంచుకుని, తర్వాత స్లైడ్లన్నిటినీ ఎంపిక చేసి `Reset` నొక్కాలి.